వాలిపోతున్న షవర్ ఆర్మ్‌ల గురించి మా కస్టమర్లకు

“రాత్రి పైకి లేపి బిగించిన షవర్ పొద్దున్నకల్లా కిందికి వాలిపోతోంది. నట్టు ఇంకా గట్టిగా తిప్పాలా?”

వద్దండీ, తిప్పకండి. లోపం మీ చేతిలో లేదు, మేం అమ్మిన సరుకులో ఉంది.

షవర్‌ని పైకీ కిందికీ జరుపుకునేందుకు మేం అమ్మిన ఆ రెండు జాయింట్ల ఆర్మ్‌లో ప్రతి జాయింటులోనూ ఒకదాన్నొకటి పట్టుకునే పళ్ల చక్రాలు ఉంటాయి. మొదట వచ్చిన స్టాకులో అవి ఇత్తడివి. తర్వాతి స్టాకులో సప్లయర్ వాటిని ప్లాస్టిక్‌కి మార్చాడు. పైన మెరుపు అదే, డబ్బా అదే, మాకు ఒక్క మాట కూడా చెప్పలేదు. వెనక్కి వచ్చిన ఒక ఆర్మ్‌ని విప్పితే నట్టు కింద తెల్లటి పొడి రాలింది. పళ్ల అంచులు గుండ్రంగా అరిగిపోయి ఉన్నాయి. ఫోన్ చేసి అడిగితే “ఎవరూ కంప్లైంట్ చేయలేదే” అన్నాడు. ఇన్నేళ్లుగా ప్రతి వస్తువూ చేత్తో పట్టి చూసి అమ్మేవాణ్ణి, ఈసారి డబ్బా విప్పి చూడలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. అతని దగ్గర ఇక ఒక్క వాషర్ కూడా కొనను.

కొందరి ఇళ్లలో అదే ఆర్మ్ బాగానే ఉంది. కారణం ఏమిటంటే, జాయింటు మీద పడే భారం ఆర్మ్ పొడవును బట్టి కాదు, షవర్ గోడ నుంచి ఎంత ముందుకు వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆర్మ్‌ని దాదాపు నిటారుగా నిలబెట్టినవాళ్లకు షవర్ జాయింటుకి 5 అంగుళాల ముందు వేలాడుతుంది. అడ్డంగా చాపినవాళ్లకు 15 అంగుళాలు. అంటే అదే షవర్, మూడింతల లాగుడు. వెడల్పాటి రెయిన్ షవర్ అయితే, నీళ్లు నిండాక ప్లాస్టిక్ పళ్లు ఆగవు.

ఈ ప్రశ్న అడిగిన ఆయన ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు. గోడలో పైపు 6 అడుగుల 5 అంగుళాల దగ్గర ఉంది. మామూలు వంపు ఆర్మ్ కిందికి దిగడం వల్ల షవర్ ముఖం 5 అడుగుల 10 అంగుళాలకు వచ్చేది. తల తడవాలంటే మోకాళ్లు వంచాల్సిందే. నిలబడి స్నానం చేయాలంటే షవర్ ముఖం తల కన్నా 4, 5 అంగుళాలు పైన ఉండాలి. ఆయనకు జాయింటు లేని ఎస్ ఆకారపు ఆర్మ్ ఇచ్చాం. అది పైపు కన్నా 7 అంగుళాలు పైకి లేస్తుంది, షవర్ 3 అంగుళాలు కిందికి దిగుతుంది. లెక్క 6 అడుగుల 9 అంగుళాలు, సరిగ్గా సరిపోయింది.

బిగించాక నీళ్లు ఎదురు గోడకి కొట్టాయి. ఎత్తు పెరిగితే ఏటవాలు నీళ్లు ఇంకా దూరం పోతాయి మరి. 15 డిగ్రీల వంపులో ప్రతి అడుగు ఎత్తుకీ దాదాపు 3 అంగుళాలు ముందుకు జరుగుతాయి. షవర్ మెడని కాస్త నిటారుగా తిప్పితే నీళ్లు ఆయన నిలబడే చోటే పడ్డాయి. ట్యాంకు నుంచి నేరుగా వచ్చే నీళ్లయితే ఇంకో సంగతి. ట్యాంకులో నీటిమట్టం షవర్‌కి 10 అడుగులే పైన ఉంటే, షవర్‌ని ఒక అడుగు లేపగానే ప్రెషర్‌లో పదో వంతు పోతుంది.

నాకు నిద్ర పట్టనివ్వని విషయం వేరే ఉంది. ఒకే బాత్రూమ్‌లో పొడవు మనిషి, పొట్టి మనిషి ఉన్న ఇళ్లకి ఎస్ ఆర్మ్ పనికిరాదు, దాని ఎత్తు మారదు. వాళ్ల కోసమే జాయింట్ల ఆర్మ్ మొదలుపెట్టాను. మానేస్తే వాళ్లకి అన్యాయం, కొనసాగిస్తే మళ్లీ ఇదే టెన్షన్. చివరికి ఇత్తడి పళ్లున్నవే తెప్పిస్తున్నాను, అదీ అరచేతి సైజు తేలిక షవర్లకే. రెయిన్ షవర్‌తో కలిపి అడిగితే ఇవ్వను, బేరం పోయినా సరే. ఒక్కో ఆర్మ్‌కి నీళ్లు నింపిన షవర్ తగిలించి, గోడ మీద పెన్సిల్ గీత పెట్టి, రాత్రంతా ఉంచి చూస్తున్నాను. గీత దిగితే అది షాపు దాటదు. వంపు మార్చేటప్పుడు మాత్రం నట్టు పూర్తిగా వదులు చేసి మార్చండి. బిగువు మీద తిప్పితే ఇత్తడి పళ్లూ అరుగుతాయి.

పాత ఆర్మ్‌లు తెచ్చేయండి, బిల్లు లేకపోయినా మారుస్తాను. తెచ్చే ముందు పాత ఆర్మ్‌ని పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. ఆర్మ్ బిగించే గోడ లోపలి పైపు మలుపు, అంటే ఎల్బో కూడా కదులుతుంటే పొడవు ఆర్మ్ ఏదీ పెట్టించకండి. టైల్స్ వెనక లీక్ మొదలైతే మీకు కనపడేసరికి గోడ తడిసిపోయి ఉంటుంది. ముందు ప్లంబర్‌తో ఎల్బోని గట్టి చేయించండి, అప్పటిదాకా మీ కొత్త ఆర్మ్ నా దగ్గర పక్కన పెట్టి ఉంచుతాను.