వెనక గదిలో పుట్టగొడుగులు

అమ్మలూ,

వెనక గది ఎలాగూ చీకటిగానే ఉంటుంది కాబట్టి ఒకేసారి 20 సంచుల పుట్టగొడుగులు పెట్టేస్తానన్నావు. పెట్టు, కానీ వారానికి 5 సంచుల చొప్పున పెట్టు. ఎందుకో చెబుతాను.

సార్వా గడ్డి ఇంటికొచ్చి చలి మొదలయ్యే రోజులు ముత్యపు చిప్ప రకానికి మంచివి. ఎండలు ముదిరితే అది రాదు, అప్పుడు పాల పుట్టగొడుగు పెట్టుకోవాలి. సంచికి కిలో ఎండుగడ్డి పడితే మూడు కాపుల్లో కలిపి 600 నుంచి 800 గ్రాములు వస్తుంది. అందులో సగం దాకా మొదటి కాపే. 20 సంచులూ ఒకే రోజు కడితే రెండు మూడు రోజుల్లో ఆరేడు కిలోలు మీద పడతాయి. ఈ రకం బయట ఒక్కరోజు, ఫ్రిజ్‌లో మహా అయితే మూడు రోజులు నిలుస్తుంది. అంత సరుకు తణుకులో ఎవరికి అమ్ముతావు? వారానికి 5 సంచులైతే, కాపు కుదిరాక వారానికి మూడు కిలోలు నిలకడగా వస్తాయి. రెండు కర్రీ పాయింట్లు, మీ వీధిలో నాలుగు ఇళ్లు చాలు. హోటల్ వాళ్లు కూడా ఒకసారి ఎక్కువిచ్చే వాళ్లకన్నా ప్రతివారం తప్పకుండా ఇచ్చేవాళ్లనే నమ్ముతారు. మిగిలింది ఎండబెట్టు. పది కిలోలు ఎండితే సుమారు కిలో అవుతుంది.

కొత్తవాళ్ల సంచులు ఎక్కువగా తడి వల్లే పోతాయి. వానకు తడిసి నల్లబడిన గడ్డి వద్దు. మంచి గడ్డిని రెండంగుళాల ముక్కలు చేసి, నాలుగైదు గంటలు నానబెట్టి, పొగలు కక్కే వేడినీళ్లలో గంటసేపు ఉంచి, వార్చి నీడలో ఆరబెట్టు. గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడు. చుక్క కారకూడదు, అరచెయ్యి మాత్రం చెమ్మగిల్లాలి. చుక్క కారిందంటే ఇంకా ఆరనివ్వు. తొందరపడి విత్తనం వేశావో, వారం తిరక్కుండా సంచిలో పచ్చబూజు కనిపిస్తుంది. అలాంటి సంచిని గదిలో విప్పకు, అలాగే బయటికి తీసుకెళ్లి దూరంగా పాతిపెట్టు.

చీకటి కూడా రెండు మూడు వారాలే, సంచి అంతా తెల్లగా అల్లుకునేదాకా. ఆ తర్వాత గాలీ, కాస్త వెలుతురూ కావాలి. గొడుగు చిన్నదై కాడ సన్నగా పొడుగ్గా సాగిందంటే గదిలో గాలి ఆడటం లేదన్నమాట. కిటికీకి దోమతెర కొట్టి రోజూ తెరువు. నీళ్లు నేలమీదా గోడలమీదా చల్లు, మొగ్గలమీద పొయ్యకు.

విత్తనం కిలో గడ్డికి 100 గ్రాములు పడుతుంది. వెంకట్రామన్నగూడెం కృషి విజ్ఞాన కేంద్రంలో దొరుకుతుందేమో ముందే అడుగు. ఎక్కడ కొన్నా తయారైన తేదీ చూడు. నెల దాటినదీ, పచ్చమచ్చ ఉన్నదీ, పుల్లటి వాసన వచ్చేదీ తీసుకోకు.

మీ అమ్మ