32 చోట్లు, 74 కుటుంబాలు

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి గుంటూరులోని ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. వాళ్ల సెక్షనులో 74 మంది. గత ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు తల్లిదండ్రుల సమావేశమంటూ ఆరున్నరకు వాట్సాప్ గ్రూపులో వీడియో కాల్ లింకు పంపారు. నేను రెండు నిమిషాల ముందే నొక్కాను కాబట్టి చోటు దొరికింది. మా వీధిలో టిఫిన్ సెంటర్ నడుపుకునే మరో విద్యార్థిని తల్లి మాత్రం కౌంటరు వదిలి వచ్చేసరికి ఏడుంపావు. ఎన్నిసార్లు నొక్కినా కాల్ నిండిపోయిందనే వచ్చింది. తన ఫోనులోనే లోపం ఉందనుకుని, ఆ ఫోను చేత్తో పట్టుకుని మా ఇంటికి వచ్చి నా పక్కన కూర్చుంది.

లోపం ఆమె ఫోనులో లేదు. వాట్సాప్ గ్రూపులో 1,024 మంది దాకా ఉండవచ్చు గాని, కాల్‌లోకి 32 మందినే రానిస్తుంది. కాల్ పెట్టినవారు కూడా ఆ లెక్కలోనే ఉంటారు. ఆ రోజు ఇద్దరు అధ్యాపకులు పోగా మిగిలినవి 30 చోట్లు. ఐదు ఇళ్లలో తల్లి ఒక ఫోను నుంచి, తండ్రి మరో ఫోను నుంచి చేరారు. అంటే లోపలికి వచ్చినవి 25 కుటుంబాలు, బయట ఉండిపోయినవి 49. లింకును ఎంతమందికి పంపినా కాల్‌లో చోట్లు పెరగవు. మొదట వచ్చినవారితో అవి నిండిపోతాయి, తర్వాత వచ్చినవారు ఎవరైనా వెళ్లిపోయేదాకా ఎదురుచూడాల్సిందే. ఫీజు వాయిదాలు, దసరా సెలవుల తరగతుల గురించి చెప్పిన మాటలు ఆ 49 ఇళ్లకు మర్నాడు నోటిమాటగా, తలా ఒక రకంగా చేరాయి.

గూగుల్ మీట్‌లో డబ్బు కట్టకుండానే 100 మంది చేరవచ్చు. ముగ్గురు, అంతకు మించి ఉంటే గంటకు కాల్ ముగుస్తుంది. జూమ్‌లోనూ ఉచితంగా 100 మందికి చోటుంటుంది గాని సమయం 40 నిమిషాలే. ఇంటికి ఒక ఫోను చాలని ముందే చెప్తే 74 కుటుంబాలూ హాయిగా పడతాయి. మా సమావేశం 70 నిమిషాలు సాగింది. గంటలో ముగించాలంటే చెప్పేది అరగంటకు కుదించి మిగతాది ప్రశ్నలకు వదలాలి. అది మంచిదే కూడా.

లింకు అరగంట ముందు పంపడం మరో పొరపాటు. మా అమ్మాయి స్నేహితురాలి తండ్రి కువైట్‌లో పని చేస్తారు. గ్రూపులో ఉత్త 'ఏడు గంటలకు' అని ఉండటంతో ఆయన అక్కడి ఏడింటికి లింకు తెరిచారు. అప్పటికి మనకు రాత్రి తొమ్మిదిన్నర. కాల్‌లో ఆయన ఒక్కరే ఉన్నారు. గూగుల్ క్యాలెండర్‌లో సమావేశం తేదీ, సమయం పెట్టి అక్కడి నుంచే లింకుతో ఆహ్వానం పంపి ఉంటే ఆయన ఫోనులో అది నాలుగున్నరగా కనిపించేది. వాట్సాప్‌లో కూడా ఇప్పుడు కాల్‌ను ముందుగా నిర్ణయించి పెట్టుకోవచ్చు. అక్కడ కూడా 32 మంది పరిమితి మాత్రం మారదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది స్క్రీన్ షేర్. అధ్యాపకుడు తన ఫోను తెర మొత్తాన్ని అందరికీ చూపిస్తూ మార్కుల పట్టిక తెరిచారు. 74 మంది పేర్లు, ఎదురుగా మార్కులు. నా పక్కన కూర్చున్న ఆ తల్లి, తన కూతురికి లెక్కల్లో వచ్చిన మార్కులను అందరితో పాటు చూసింది. చూసి ఏమీ మాట్లాడలేదు. అంతలో తెర పైభాగాన బ్యాంకు సందేశం ఒకటి జారింది, అందులో ఆరు అంకెల ఓటీపీ. తెర మొత్తం చూపిస్తే దాని మీదికి వచ్చేవన్నీ అందరికీ కనిపిస్తాయి. ఎవరైనా వాటిని ఫొటో తీసి దాచుకోవచ్చు కూడా. కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో షేర్ మొదలుపెట్టేటప్పుడు ఒక్క యాప్‌నే చూపించే వీలుంది. కంప్యూటరులోనైతే ఒక్క విండోను ఎంచుకోవచ్చు. పాత ఫోను తప్ప లేకపోతే ముందు నోటిఫికేషన్లు ఆపి, ఆ తర్వాతే చూపించాలి. మార్కుల పట్టికనైతే అసలు చూపించకూడదు. ఎవరి మార్కులు వారి ఇంటికే విడిగా పంపాలి.

వచ్చే నెల సమావేశం ఉందని కళాశాల ఇప్పటికే తెలిపింది. ఈసారి లింకు రెండు రోజుల ముందు రావాలని, అందులో 74 కుటుంబాలకు చోటుండాలని, చూపించేది ఒక్క ఫైలే కావాలని కోరుతున్నాను. ఇలా వీడియో కాల్‌లో సమావేశాలు పెట్టే కళాశాలలన్నిటికీ ఈ మూడు విషయాలు రాతపూర్వకంగా చెప్పాలని ఇంటర్మీడియట్ విద్యా మండలి అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవిస్తున్నాను.

— ఒక విద్యార్థిని తండ్రి, బ్రాడీపేట, గుంటూరు