మధ్య వేలు ఎక్కడ పడాలి

కంచరపాలెం, విశాఖపట్నం

చిరంజీవి సుధకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టింది. వానలు మొదలైనప్పటి నుంచి ఈ సముద్రపు గాలికి మన హార్మోనియం మెట్లు ఉబ్బి, నొక్కితే రెండు మెట్లు పైకి లేవడం లేదు. వాటిని విప్పి ఆరబెడుతూ కూర్చున్నప్పుడు నువ్వు పంపిన ఫోటోలు గుర్తుకు వచ్చాయి. మూడు వారాల క్రితం నీ సంగీతం క్లాసు నోట్సులో నాలుగు పేజీలు ఫోటో తీసి పంపి, ‘నాన్నా, ఇందులో ఒక్క ముక్కా బోధపడలేదు’ అని రాశావు. ఆ తరువాత నీ దగ్గర నుంచి కబురు లేదు. మొన్న సింహాచలంలో కనిపించిన చిన్నత్త, నువ్వు క్లాసు మానేశావని, కీబోర్డుకు కవరు తొడిగి అటకెక్కించావని రాజు చెప్పినట్లు చెప్పింది. అది నిజమా అని నేను నిన్ను అడగబోవడం లేదు. ఆ నాలుగు పేజీల సంగతి మాత్రమే రాస్తాను.

నీ నోట్సులో మొదటి పేజీ నిండా పేర్లే ఉన్నాయి. పేర్లను పక్కన పెట్టి ముందు మెట్లను చూడు. నల్లమెట్లు రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. రెండు ఉన్న గుంపుకు ఎడమ పక్కన ఆనుకొని ఉన్న తెల్లమెట్టు ‘సి’. అక్కడి నుంచి తెల్లమెట్లు వరుసగా ‘సి’, ‘డి’, ‘ఈ’, ‘ఎఫ్’, ‘జి’, ‘ఏ’, ‘బి’, మళ్లీ ‘సి’. మా హార్మోనియం వాళ్లం వీటినే ఒకటి శ్రుతి, రెండు శ్రుతి అంటూ ఏడు దాకా చెప్పుకుంటాం. నల్లమెట్లు ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర. మూడున్నర శ్రుతి అని ఎవరైనా అనగా నువ్వు ఎప్పుడూ విని ఉండవు, ఎందుకంటే మూడుకూ నాలుగుకూ మధ్య నల్లమెట్టు లేదు. ఏడుకూ పై ఒకటికీ మధ్య కూడా లేదు. ఈ ఒక్క సంగతి మనసులో నిలిస్తే మొదటి పేజీలో సగం అర్థమైనట్లే.

నలుపూ తెలుపూ తేడా చూడకుండా పక్కనున్న మెట్టుకు జరగడాన్ని నీ నోట్సు సెమిటోన్ అంటోంది. నేను దానిని అడుగు అంటాను. ‘సి’ నుంచి ‘డి’కి రెండు అడుగులు, ఎందుకంటే మధ్యలో నల్లమెట్టు ఉంది. ‘ఈ’ నుంచి ‘ఎఫ్’కు ఒక్క అడుగు. మేజర్ స్కేల్ అంటే ఏదో ఒక మెట్టు మీద మొదలుపెట్టి రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి చొప్పున అడుగులు వేయడం. మొత్తం పన్నెండు అడుగులయ్యేసరికి పై స్థాయిలో మొదలుపెట్టిన స్వరానికే చేరతావు. ‘సి’తో మొదలుపెడితే అన్నీ తెల్లమెట్లే పడతాయి. అమ్మ పాడే శంకరాభరణం, అంటే 29వ మేళకర్త, ఈ ఏడు స్థానాల మీదే ఉంటుంది. గమకాలు చేరితే రాగం వేరే సంగతి అవుతుంది గాని స్థానాలు మాత్రం ఇవే. సరిగమపదని అని నువ్వు ఊయలలో విన్నది ఇదే కాబట్టి, కొత్త చదువు ఏదో నెత్తిన పడిందని బెంగ పెట్టుకోకు.

ఇక రెండవ పేజీలోని ఇంటర్వల్. నువ్వు తడబడినది ఇక్కడే అయి ఉంటుంది. ఇంటర్వల్ అంటే రెండు స్వరాల మధ్య దూరం, కాని దానికి లెక్కలు రెండు ఉన్నాయి, అవి ఒక దానితో ఒకటి కలవవు. పేరు కోసం లెక్కించేటప్పుడు మొదలుపెట్టిన స్వరాన్ని కూడా ఒకటిగా లెక్కించాలి: ‘సి’, ‘డి’, ‘ఈ’ అంటే మూడు పేర్లు, కనుక ‘సి’ నుంచి ‘ఈ’కి థర్డ్. దూరం కోసం లెక్కించేటప్పుడు మొదలుపెట్టిన మెట్టును లెక్కలోకి తీసుకోకూడదు, జరిగిన అడుగులనే లెక్కించాలి: ‘సి’ నుంచి ‘ఈ’కి నాలుగు అడుగులు. మన వీధిలో మూడవ ఇల్లు అన్నప్పుడు మొదటి ఇంటిని కలుపుకుంటాం, ఎన్ని గడపలు దాటి వచ్చావంటే రెండే అంటాం. ఇదీ అంతే. ఈ రెండు లెక్కలు కలగాపులగం అయినందువల్లనే, ఒక స్వరం మీద ఒక థర్డ్, దాని మీద ఇంకొక థర్డ్ పేర్చితే సిక్స్త్ కాకుండా ఫిఫ్త్ ఎందుకు వస్తుందో నీకు తెలియలేదు. మధ్య స్వరాన్ని రెండుసార్లు లెక్కించాం, అందుకని మూడూ మూడూ కలిసి అయిదు అయింది. అడుగుల లెక్కలో ఈ చిక్కే లేదు, నాలుగూ మూడూ కలిస్తే ఏడే.

థర్డ్ అనే పేరు ఒకటే అయినా దూరం అన్నిచోట్లా ఒకటి కాదు. నాలుగు అడుగులుంటే మేజర్ థర్డ్, మూడు అడుగులుంటే మైనర్ థర్డ్. మన లెక్కలో షడ్జమం నుంచి అంతర గాంధారానికి నాలుగు, సాధారణ గాంధారానికి మూడు. మూడవ పేజీలో ఉన్న ట్రయాడ్ ఈ రెండు థర్డ్‌లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టడమే. కింద నాలుగు, పైన మూడు అయితే మేజర్ ట్రయాడ్. కింద మూడు, పైన నాలుగు అయితే మైనర్. ‘సి’, ‘ఈ’, ‘జి’ మేజర్ ట్రయాడ్, మన మాటలో సా, గా, పా.

దీనిని నేను ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకోలేదు. అప్పటికి నాకు 24 ఏళ్లు. పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడిని. ఎడమ చెయ్యి తిత్తికి, కుడి చెయ్యి పాటకు, కనుక మూడు మెట్లు కలిపి నొక్కే పని నాకు అలవాటు లేదు. భీమిలి దగ్గర ఒక పెళ్లిలో ఆర్కెస్ట్రాకు కీబోర్డు వాయించే మనిషి రాకపోతే గవరయ్య మావయ్య నన్ను తీసుకువెళ్లి కూర్చోబెట్టాడు. ‘సి’, ‘ఎఫ్’, ‘జి’ మీద మూడేసి మెట్లు కలిపి నొక్కే కార్డులు మూడు ఎవరో చూపించారు. ఒక మెట్టు నొక్కి, ఒకటి వదిలి, ఒకటి నొక్కి, మరొకటి వదిలి, ఇంకొకటి నొక్కితే చాలునని నాకు అర్థమైంది. ఒకటి శ్రుతిలో నాలుగు పాటలు నిక్షేపంగా నడిచాయి. అయిదవ పాటకు వచ్చిన గాయని, ‘నాకు ఒకటి చాలదండీ, రెండు పెట్టండి’ అన్నది. అదెంత పని అనుకొని, వేళ్ల మధ్య ఎడం మార్చకుండా చేతిని ఒక తెల్లమెట్టు కుడికి జరిపి ‘డి’, ‘ఎఫ్’, ‘ఏ’ నొక్కాను. ఆమె మొదటి పంక్తి ఎత్తుకోగానే ఆ పెళ్లిపాట కాస్తా ఏడుపు పాట అయిపోయింది. ఆమె గాంధారం దగ్గరకు వచ్చినప్పుడల్లా నా కార్డు ఆమె గొంతును ఒరుసుకొని బరబరమంటోంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. నేను ఇంకా గట్టిగా నొక్కాను. అప్పుడు గిటారు మాస్టారు వాయిస్తూనే పక్కకు వంగి, నా మధ్య వేలును పట్టుకొని ‘ఎఫ్’ మీద నుంచి దాని కుడివైపు నల్లమెట్టు మీదకు జరిపారు. అంతే, పందిరి వెలిగినట్లయింది.

భోజనాల దగ్గర ఆయన విస్తరి అంచున అన్నం మెతుకులను మెట్లలాగా పేర్చి నా చేత లెక్కపెట్టించారు. ‘సి’ నుంచి ‘ఈ’కి నాలుగు, ‘ఈ’ నుంచి ‘జి’కి మూడు. ‘డి’ నుంచి ‘ఎఫ్’కు మూడే, ఎందుకంటే మధ్యలో ఆ నల్లమెట్టు లేని సందు వచ్చింది. ‘ఎఫ్’ నుంచి ‘ఏ’కి నాలుగు. రెండింటిలోనూ బయటి స్వరాల మధ్య ఏడు అడుగులే ఉన్నాయి, సా, పా ఎక్కడికీ కదలలేదు. తేడా అంతా మధ్య వేలిలోనే ఉంది. ‘నీ కన్ను మెట్లను చూసింది గాని నీ వేలు అడుగులు లెక్కపెట్టలేదు’ అన్నారు ఆయన. నీకు అనుమానం వచ్చినప్పుడు కూడా ముందు బయటి రెండు మెట్లు మాత్రమే నొక్కి విను. అది నవ్వూ కాదు, ఏడుపూ కాదు, ఖాళీ గదిలా ఉంటుంది. ఆ తరువాత మధ్య వేలు చేర్చు.

ఆ నల్లమెట్టును నీ నోట్సులో ‘జి’కి ఒక అడుగు కింద అనే అర్థంలో ‘జి ఫ్లాట్’ అనక, ‘ఎఫ్’కు ఒక అడుగు పైన అనే అర్థంలో ‘ఎఫ్ షార్ప్’ అని ఎందుకు రాశారో కూడా ఇక్కడే తెలుస్తుంది. ‘డి’ నుంచి మన అడుగులు వేస్తే ‘డి’, ‘ఈ’, ‘ఎఫ్ షార్ప్’, ‘జి’, ‘ఏ’, ‘బి’, ‘సి షార్ప్’ వస్తాయి. ఏడు అక్షరాలూ ఒక్కొక్కసారే రావాలి. ‘జి ఫ్లాట్’ అంటే ‘జి’ రెండుసార్లు వచ్చి ‘ఎఫ్’ మాయమవుతుంది, ‘డి’ నుంచి అది థర్డ్ కాక ఫోర్త్ అయిపోతుంది. మెట్టు ఒకటే అయినా పేరు తప్పితే లెక్క తప్పుతుంది.

నాలుగవ పేజీలోని పట్టిక చూసి భయపడకు. తెల్లమెట్ల మీదనే ఒకటి విడిచి ఒకటి నొక్కుతూ ‘సి’ నుంచి ‘బి’ దాకా ఏడు ట్రయాడ్‌లు కట్టి, ప్రతిదానిలో కింది థర్డ్‌కు ఎన్ని అడుగులో నీ చేత్తో రాసుకో. ‘సి’, ‘ఎఫ్’, ‘జి’ మీద నాలుగు వస్తుంది, అవి మేజర్. ‘డి’, ‘ఈ’, ‘ఏ’ మీద మూడు వస్తుంది, అవి మైనర్. నాకు మొదట ‘సి’, ‘ఎఫ్’, ‘జి’ మాత్రమే ఎందుకు చూపించారో ఆ లెక్కలో నీకే కనిపిస్తుంది. ‘బి’ ఒక్కటి వేరు: ‘బి’ నుంచి ‘డి’కి మూడు, ‘డి’ నుంచి ‘ఎఫ్’కు కూడా మూడే, మొత్తం ఆరు. పంచమం ఒక అడుగు తగ్గింది కాబట్టి అది కుదురుగా నిలవదు, దానిని డిమినిష్డ్ అంటారు. అది వింతగా వినిపిస్తే నీ కీబోర్డు పాడైందనో, కవరులో చాలా రోజులు ఉండిపోయిందనో అనుకోకు.

కవరు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. అటక మీద దుమ్ము చేరితే మెట్ల కింద రబ్బరు పాడవుతుంది, కొన్ని మెట్లు పలకవు. దించితే పొడిగుడ్డతో తుడువు, తడిగుడ్డ వద్దు. మంచం మీద పెట్టి వాయించకు, మణికట్టు వంగుతుంది. మోచేయి మెట్ల ఎత్తుకు వచ్చేలా కుర్చీలో కూర్చో. రాత్రి అన్నం తిన్నాకనే కూర్చో, మానేసి కాదు. రాజు వస్తున్నాడు గనుక అతని చేతికి మాడుగుల హల్వా, అమ్మ పట్టిన కొత్త ఆవకాయ ఇచ్చి పంపుతున్నాను.

ఆదివారం పొద్దున్న ఫోను కీబోర్డు పక్కన పెట్టి నాకు చెయ్యి. ఏమీ మాట్లాడనక్కరలేదు. ‘డి’, ‘ఎఫ్’, ‘ఏ’ ఒకసారి, మధ్య వేలు జరిపి ‘డి’, ‘ఎఫ్ షార్ప్’, ‘ఏ’ ఒకసారి నొక్కు. ఏది ఏదో నేను ఇక్కడి నుంచి చెబుతాను.

ఆశీస్సులతో,
నాన్న