పాస్‌వర్డ్ మార్చినా తెరిచే ఉన్న వైఫై

సంపాదకుల గారికి నమస్కారం.

ఇంటర్నెట్ కంపెనీల వాళ్లు ఇంటికొచ్చి రూటర్ బిగించి, వైఫై పాస్‌వర్డ్ చేతిలో పెట్టి వెళ్లిపోతారు. జాగ్రత్తపరులు ఆ పాస్‌వర్డ్ మార్చుకుని నిశ్చింతగా ఉంటారు. కానీ చాలా రూటర్లలో డబ్ల్యూపీఎస్ అనే సదుపాయం మొదటి నుంచీ ఆన్‌లోనే ఉంటుంది. పాస్‌వర్డ్ కొట్టే పని లేకుండా ప్రింటర్ లాంటివి కలుపుకోవడానికి పెట్టింది ఇది. దీనికి 8 అంకెల పిన్ ఉంటుంది, తరచుగా రూటర్ అడుగున స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. ఆ పిన్ సరిగ్గా చెప్పిన వారికి రూటరే వైఫై పాస్‌వర్డ్ అప్పగిస్తుంది. మనం నిన్న మార్చిన కొత్తదైనా సరే.

8 అంకెలంటే కోట్లలో ఊహించాలి కదా అనిపిస్తుంది. అసలు లోపం అక్కడే ఉంది. రూటర్ మొదటి 4 అంకెలు తప్పో ఒప్పో విడిగా చెప్పేస్తుంది. మిగిలిన నాలుగింట్లో చివరిది ముందున్న అంకెలను బట్టి లెక్కకట్టేదే. అంటే ముందు 10 వేలు, తర్వాత వెయ్యి, మొత్తం 11 వేల ప్రయత్నాలు చాలు. ఒక్కోదానికి 3 సెకన్లు పట్టినా దాదాపు 9 గంటల్లో పని పూర్తవుతుంది. పక్క ఫ్లాట్‌లో ల్యాప్‌టాప్ పెట్టి పడుకుంటే తెల్లారేసరికి తేలిపోతుంది! ఈ సంగతి 2011 డిసెంబరులోనే బయటపడింది. వరుసగా తప్పులు పడితే తాళం పడేలా తర్వాత కొన్ని రూటర్లను మార్చారు. అయితే కొన్ని చిప్‌లలోని మరో లోపంతో ఒకే ప్రయత్నం నుంచి పిన్ లెక్కగట్టవచ్చని 2014లో తేలింది.

మన వైఫైతో ఎవరో చేసిన పనికి పోలీసులు ముందు వచ్చేది మన గుమ్మానికే. 2008లో అహ్మదాబాద్ పేలుళ్ల ముందు వచ్చిన ఈమెయిల్ జాడ నవీ ముంబయిలో ఒకరి ఇంటి వైఫై దగ్గర తేలింది. ఆ మెయిల్‌తో ఆయనకు సంబంధం లేదు. అక్కడ కారణం డబ్ల్యూపీఎస్ కాదు గానీ, ఇబ్బంది మాత్రం అదే.

ఆపడం కష్టమేమీ కాదు. ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా స్టిక్కర్ మీదున్న చిరునామా కొట్టి, లాగిన్ అయి, వైర్‌లెస్ సెట్టింగుల్లో WPS ను Disable చేసి సేవ్ చేయాలి. కొన్ని పాత రూటర్లలో అలా చేసినా నిజంగా ఆగదు. వైఫై అనలైజర్ యాప్‌లో మన నెట్‌వర్క్ పేరు పక్కన ఇంకా WPS అని కనిపిస్తుంటే ఆగలేదన్నమాట. అప్పుడు కంపెనీని కొత్త సాఫ్ట్‌వేర్ గానీ కొత్త రూటర్ గానీ అడగాలి. రూటర్‌ను రీసెట్ చేస్తే ఈ సెట్టింగ్ మళ్లీ ఆన్ అవుతుందని గుర్తుంచుకోవాలి. అదే పేజీలో admin అన్న లాగిన్ పాస్‌వర్డ్ మార్చి, బయటి నుంచి రూటర్‌ను నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ కూడా ఆపేయాలి.

అయితే ఇదంతా పెన్షనర్లు, గృహిణులు నేర్చుకోవాలనడం న్యాయం కాదు. పైగా కొన్ని కంపెనీలు లాగిన్ వివరాలే కస్టమర్‌కు ఇవ్వవు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి అన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ పెట్టి ఇలాంటి పరికరాలు అమ్మడం చట్టవిరుద్ధం. మన టెలికాం శాఖ కనీసం ఇంతవరకైనా చేయాలి: రూటర్ బిగించిన మనిషి డబ్ల్యూపీఎస్ ఆపి, లాగిన్ పాస్‌వర్డ్ మార్చి ఇంటివారికి రాసిచ్చాకే ఇన్‌స్టలేషన్ పూర్తయినట్టు సంతకం తీసుకోవాలని కంపెనీలను ఆదేశించాలి.

- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్