మానిటర్ సరిచేయకుండా రంగులు దిద్దితే

సంపాదకులకు నమస్కారం.

గత బతుకమ్మ పండుగకు ఒక స్థానిక కేబుల్ ఛానల్ కోసం నేను ఎడిట్ చేసిన కార్యక్రమంలో తంగేడు పూలు వాడినట్టు, గునుగు పూలకు అద్దిన గులాబీ వెలిసినట్టు ఉన్నాయని చూసినవారు ఫిర్యాదు చేశారు. అందరూ కేబుల్ వారిని తప్పుపట్టారు గాని, తప్పు నా గదిలోని మానిటర్‌ది. హన్మకొండ, కాజీపేటల్లో నేనెరిగిన చిన్న స్టూడియోల పరిస్థితీ ఇదే కాబట్టి రాస్తున్నాను.

నా కొత్త మానిటర్ డిజిటల్ సినిమాకు వాడే విశాలమైన పీ3 శ్రేణి రంగులను చూపగలదు. హెచ్‌డీ ప్రసారానికి ప్రమాణమైన రెక్. 709 పరిధి అంతకన్నా చిన్నది. ఫ్యాక్టరీ మోడ్ మార్చకుండా వదిలేయడంతో, 709 కోసం నమోదైన గులాబీని ఆ తెర తన సొంత గాఢతతో చూపింది. అది కళ్లకు కొట్టినట్టు ఉందని నేను రంగు గాఢతను, అంటే శాచురేషన్‌ను తగ్గించాను. ఇళ్లలోని టీవీలు ఆ తగ్గించిన రంగునే ఉన్నదున్నట్టు చూపాయి.

ఇప్పుడు మెనూలో రెక్. 709 మోడ్ పెట్టుకున్నాను. అది లేని మానిటర్‌లో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పనికొస్తుంది, ఎందుకంటే రెండింటి మూల రంగులు ఒకటే; అయితే అందులో నలుపు తెలుపుల మధ్య వెలుగు ఎలా పెరగాలో చెప్పే గామా సాధారణంగా 2.2 దగ్గర ఉంటుంది, ప్రసారం పనికి 2.4 కావాలి. తెలుపు పగటి వెలుగును పోలిన డీ65 ప్రమాణానికి, తెర వెలుగు దాని కొలమానమైన నిట్లలో 100కు రావాలి. 300 నిట్ల తెర ముందు కూర్చుంటే బొమ్మ వెలిగిపోతున్నట్టు తోచి చేయి దానంతటదే నీడలను ముదురు చేస్తుంది. ఈ కొలతలు కంటితో తేలవు. మానిటర్‌ను అరగంట వేడెక్కనిచ్చి, కిటికీ తెర వేసి, తెర రంగును, వెలుగును కొలిచే ప్రోబ్ అనే పరికరంతో కొలవాలి.

రంగులు కుదిరాక కూడా నలుపు తప్పవచ్చు. 8 బిట్ల ప్రసార సిగ్నల్‌లో నలుపు 16 దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. కంప్యూటర్ అలా పంపుతుండగా మానిటర్ నలుపు 0 దగ్గర, తెలుపు 255 దగ్గర ఉన్నాయనుకుంటే నల్ల పట్టుచీర బూడిద రంగులోకి తిరుగుతుంది. తారుమారైతే కొంగు మడతలు నలుపులో కలిసిపోతాయి. దీన్ని పట్టుకోవడానికి కలర్ బార్స్ అనే రంగు పట్టీల పరీక్ష బొమ్మలోని నల్లని భాగం చాలు. అక్కడి మూడు సన్నని గీతల్లో ఒకటి నలుపుకన్నా ముదురు, ఒకటి సరిగ్గా నలుపు, ఒకటి కాస్త లేత. లేతది మాత్రమే లీలగా కనిపించాలి. మూడూ విడివిడిగా కనిపించినా, ఒక్కటీ కనిపించకపోయినా ముందు ఈ నలుపు తెలుపుల అంకెలను నిర్ణయించే హెచ్‌డీఎంఐ రేంజ్ సెట్టింగ్ చూడాలి. అది చూడకుండా బ్రైట్‌నెస్ తిప్పితే ఒక తప్పు మీద మరో తప్పు పేర్చినట్టే. ఇంటి టీవీలో సరిచూసుకుంటే చాలదా అని మిత్రులు అడుగుతుంటారు. రంగులను పెంచి చూపే వివిడ్ మోడ్‌లో ఉన్న టీవీ ఎవరికీ కొలబద్ద కాదు.

ప్రోబ్‌తో ఏడాదికి కొన్ని రోజులే పని పడుతుంది కనుక చిన్న స్టూడియోలు కొనడానికి వెనకాడుతున్నాయి. జాతరలు, పండుగల వీడియోలు చేయించే జిల్లా అధికారులు ఒక ప్రోబ్ కొని స్టూడియోలకు వంతులవారీగా ఇవ్వాలని, ఎడిటింగ్ నేర్పే శిక్షణ కేంద్రాలు కటింగ్‌కన్నా ముందు ఈ కలర్ బార్స్ పరీక్షను విద్యార్థులతో చేయించాలని కోరుతున్నాను.

— ఒక వీడియో ఎడిటర్, హన్మకొండ