మా కార్డులోని 1.55 మీద ఒక సంజాయిషీ

“అన్నా, కార్డులో రోజుకు 2,324 కేలరీలు, 164 గ్రాముల ప్రొటీన్ అని రాసిచ్చారు. నెలన్నరగా రెండూ తప్పలేదు. బరువు మాత్రం 82 దగ్గరే ఉంది. తప్పు నాదా, కార్డుదా?”

కార్డుదే. ఈ తమ్ముడు ఒక్కడితో చెప్పి ఊరుకుంటే సరిపోదు, అదే కార్డు మీలో చాలామంది దగ్గర ఉంది. అందుకే ఒంగోలులోని మా జిమ్ సభ్యులందరికీ కలిపి రాస్తున్నాను.

ఇతని వయసు 26. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు. బట్టల దుకాణంలో క్యాషు కౌంటరు దగ్గర ఉదయం పదింటి నుంచి రాత్రి తొమ్మిది వరకు కుర్చీలోనే ఉంటాడు. వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున మా దగ్గరికి వస్తాడు, అదీ బైకు మీద. ప్రశ్న అడిగిన రోజు పాత కార్డు, క్యాలిక్యులేటరు ముందు పెట్టుకుని మొదటి గీత నుంచి లెక్క మళ్లీ చేశాం.

మంచం మీద కదలకుండా పడుకున్నా శరీరం కొంత శక్తి ఖర్చు చేస్తుంది. దాన్నే బీఎంఆర్ అంటారు. అది అంచనా వేయడానికి మేం వాడేది 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జోర్ సూత్రం. మగవారికి చివర 5 కలుపుతాం, ఆడవారికి 161 తీసేస్తాం. ఇతని లెక్క ఇదీ:

```
10 × 82 + 6.25 × 170 − 5 × 26 + 5 = 1757.5
```

ఇక్కడి వరకు కార్డులో తప్పు లేదు. ఈ సూత్రం చాలామందికి నిజమైన ఖర్చుకు పది శాతం అటూ ఇటూగా సంఖ్య ఇస్తుంది. అంతకంటే దగ్గరగా తెలియాలంటే ఊపిరిని కొలిచే యంత్రం కావాలి, మా దగ్గర అది లేదు.

తేడా వచ్చింది తరువాతి గీతలో. రోజు మొత్తం ఖర్చు కోసం బీఎంఆర్‌ను ఒక గుణకంతో హెచ్చిస్తారు. అన్నిచోట్లా తిరిగే పట్టికలో కూర్చునే మనిషికి 1.2, కొద్దిగా కదిలేవారికి 1.375, వారానికి మూడు నుంచి ఐదు రోజులు వ్యాయామం చేసేవారికి 1.55 అని ఉంటుంది. జిమ్ తెరిచినప్పుడు ఆ పట్టికనే తెచ్చి ఫారంలో అచ్చు వేయించాను. ఫారం అడిగే ప్రశ్న ఒక్కటే: వారానికి ఎన్ని రోజులు వస్తారు? ఇతను నాలుగు అన్నాడు, మా ట్రైనర్ 1.55 దగ్గర టిక్కు పెట్టాడు. 2,724 వచ్చింది. బరువు తగ్గాలని అందులో 400 తీసి 2,324 రాసిచ్చాడు. పగలంతా ఏం పని చేస్తావని మేం ఎవరమూ అడగలేదు.

ఈ గుణకం ఇరవైనాలుగు గంటలకు సంబంధించినది. జిమ్‌లో గడిపే గంట అందులో చాలా చిన్న ముక్క. ఎంత చిన్నదో చూద్దామని ఒక రోజు ఇతని పక్కనే గడియారం పట్టుకుని నిలబడ్డాను. గంటలో బరువు చేతిలో ఉన్న సమయం పద్దెనిమిది నిమిషాలు. మిగతాదంతా సెట్ల మధ్య విశ్రాంతి, బెంచి ఖాళీ అయ్యేదాకా ఎదురుచూపు, కాస్త ఫోను. అందులో తప్పేమీ లేదు, బరువులెత్తే వ్యాయామం అలాగే ఉంటుంది. అలాంటి గంటకు, ఊరికే కూర్చుంటే అయ్యే ఖర్చు తీసేస్తే, ఇతని బరువున్న మనిషికి అదనంగా సుమారు 200 కేలరీలు పడతాయి. నాలుగు రోజులకు 800. ఏడు రోజులకు పంచితే రోజుకు 115 లోపే. పట్టికలో 1.2 నుంచి 1.55కు జరిగితే ఇతనికి కలిసేది 615. అంటే జిమ్‌కు వస్తున్నాడన్న ఒక్క కారణంతో, అది ఇచ్చేదానికి అయిదు రెట్లకు పైగా జమ వేశాం.

అలాగని అందరికీ 1.2 రాయడం కూడా తప్పే. అది దాదాపు మంచం దిగని మనిషి సంఖ్య. మనిషి శక్తి అవసరాల మీద ఐక్యరాజ్యసమితి సంస్థలు 2001లో జరిపిన నిపుణుల సంప్రదింపుల నివేదిక, కూర్చుని చేసే పని లేదా తేలికపాటి జీవనం ఉన్నవారికి 1.40 నుంచి 1.69 వరకు ఇచ్చింది. ఇక మరో చివర మా దగ్గరికే వచ్చే మరో సభ్యుడున్నాడు. చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో పని, రోజంతా నిలబడి పలకలు జరపాలి. ఎత్తు, బరువు, వయసు దాదాపు ఇతనివే. కార్డు కూడా అదే, 2,324. అతను వారానికి 800 గ్రాముల చొప్పున తగ్గుతూ పోయాడు. నెల తిరిగేసరికి మొదట్లో ఎత్తిన బరువు కూడా ఎత్తలేకపోయాడు. వెనక్కి లెక్కకడితే అతని గుణకం 1.8 పైనే తేలింది. ఒకే కార్డు ఒకరికి ఎక్కువైంది, ఇంకొకరికి చాలలేదు.

అందుకే ఇకపై గుణకాన్ని ఊహగానే చూస్తాం. కుర్చీ పనివారికి 1.375తో మొదలుపెడతాం, నిలబడి తిరిగేవారికి 1.55తో, బరువు పని చేసేవారికి 1.725తో. సరిదిద్దేది తక్కెడ. ఉదయం లేచి, కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయాలి. ఒక్క రోజు సంఖ్యను నమ్మవద్దు. రాత్రి ఆవకాయ రెండు ముక్కలు ఎక్కువ తిన్నా, ఉప్పుకు నీరు పట్టి మర్నాడు అరకిలో పెరిగి కనిపిస్తుంది. వారం సగటు తీయాలి. కొత్తగా చేరినవారు మొదటి రెండు వారాలను లెక్కలోకి తీసుకోకూడదు. అలవాటు లేని కండరాలు వాచి నీరు పట్టుకుంటాయి కాబట్టి కొవ్వు తగ్గుతున్నా తక్కెడ కదలదు.

ఇతను బరువు రాసిపెట్టుకోవడం మా అదృష్టం. మూడో వారం సగటు 82.2, ఆరో వారం సగటు 82.0. ఇరవైఒక్క రోజుల్లో 200 గ్రాములు. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు అనుకుంటే అది 1,540, రోజుకు 73. ఆ రోజుల్లో అతను రాసుకున్న తిండి సగటు 2,310. రెండూ కలిపితే 2,383. దాన్ని బీఎంఆర్‌తో భాగిస్తే 1.36. మేం రాసిన 1.55 ఎక్కడ, ఇదెక్కడ!

నివేదిక 1.40 నుంచి మొదలైతే ఇతనిది 1.36 ఎలా అయింది? నా అనుమానం తాలింపు నూనె మీద. వాళ్ల అమ్మగారు కూరలో వేసే నూనె ఇతని పుస్తకంలో సగమే ఎక్కి ఉంటుంది. ఒక పెద్ద చెంచా నూనె అంటే దగ్గర దగ్గర 120 కేలరీలు. అసలు ఖర్చు కూడా, అసలు తిండి కూడా పుస్తకంలో ఉన్నదానికంటే కాస్త ఎక్కువై ఉండాలి. అయినా ఇబ్బంది లేదు. ఇక ముందు కూడా అదే పద్ధతిలో రాస్తే, తప్పు రెండు వైపులా ఒకటే కాబట్టి తేడా నిలుస్తుంది. పద్ధతి మధ్యలో మారిస్తేనే చిక్కు. చేతి గడియారం చూపించే కేలరీలను గుణకం మీద మళ్లీ కలపడం కూడా ఇలాంటిదే. ఒకే గంటను రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

కొత్త లక్ష్యం 1,950 పెట్టుకున్నాం. 433 తక్కువ, వారానికి దాదాపు 390 గ్రాములు తగ్గాలి. మూడు వారాల తరువాత సగటు మళ్లీ చూస్తాం. అప్పటికి వారానికి 200 గ్రాములు కూడా తగ్గకపోతే ఇంకో వంద కేలరీలు తీస్తాం. వారానికి 700 దాటితే తిరిగి కలుపుతాం.

ఇక ప్రొటీన్. ఇక్కడ నా తప్పు ఇంకాస్త సిగ్గుపడేది. కిలోకు 2 గ్రాములు చొప్పున 82 కిలోలకు 164 రాశాం. ప్రొటీన్ పొడి డబ్బాలు అమ్మేది మా కౌంటరులోనే. ఇంటి తిండితో 164 చేరడం కష్టమని, డబ్బా కొంటారని తెలిసీ ఆ సంఖ్యను ప్రశ్నించలేదు. బరువులెత్తేవారికి కిలోకు 1.6 గ్రాములు చాలు, ఆపైన కండకు కలిసేది చాలా తక్కువ. ఒంట్లో కొవ్వు ఎక్కువున్నప్పుడు ఇప్పటి బరువుకు బదులు చేరాలనుకునే బరువు వాడాలి. ఇతను 70 అనుకుంటున్నాడు. 70ను 1.6తో హెచ్చిస్తే 112 గ్రాములు.

అది అతని ఇంట్లో ఇలా కుదిరింది. పొద్దున 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, 14 గ్రాములు. మూడు గుడ్లు, 18. మధ్యాహ్నం 45 గ్రాముల కందిపప్పుతో వండిన పప్పు 10, రెండు పూటల అన్నం కలిపి అరకిలోకు 13, పెరుగు 200 గ్రాములకు 7. రాత్రి కొత్తపట్నం నుంచి వచ్చిన చేప, ముల్లు తీసి 150 గ్రాములు, 28. మొత్తం 90. మిగిలింది ఒక చెంచాడు పొడి, 24. రోజూ మూడు చెంచాలు తాగిన మనిషికి ఒకటి మిగిలింది. తాలింపు నూనె రెండు చెంచాలు, ఒక టీ కూడా వేస్తే కేలరీలు 1,950 దగ్గరే ఉన్నాయి. శనివారం గుడ్డు, చేప ముట్టరు కాబట్టి ఆ రోజు 50 గ్రాముల సోయా ముక్కలతో 26 వస్తాయి. మిగిలిన లోటును పట్టించుకోనవసరం లేదు, వారం మొత్తం మీద సరిపోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం ఈ 1.6 మొదలుపెట్టకముందే డాక్టరును అడగండి.

1.55 టిక్కు ఉన్న కార్డులన్నీ తిరిగి తీసుకుంటున్నాం. వచ్చేటప్పుడు పని ఏమిటో, రోజులో ఎన్ని గంటలు కూర్చుంటారో, ఫోనులో అడుగుల సంఖ్య ఎంతో రాసుకు రండి. ఫోను బల్ల మీద పెట్టి తిరిగేవారైతే అది కూడా చెప్పండి. రాసిపెట్టిన బరువులు ఉంటే ఇంకా మంచిది, లేకపోతే ఆ రోజు నుంచి మూడు వారాలు రాసి మళ్లీ రండి. ఈ ఏడాది మా దగ్గర కొన్న పొడి డబ్బా మూత తీయకుండా ఉంటే తెచ్చివ్వండి, డబ్బు వాపసు ఇస్తాను. ఉదయం పదకొండు నుంచి ఒంటిగంట వరకు నేనే కౌంటరులో ఉంటాను.