ఒకే గదిలో రెండు ల్యాప్‌టాప్‌లతో సమావేశానికి హాజరయ్యే తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

జూమ్‌లో జరిగే మన సమావేశాల్లో ఒక్కోసారి మాటలు రెండేసిసార్లు వినిపించడం, ఆ వెంటనే చెవులు చిల్లులు పడేలా కూత మొదలవడం మీలో చాలామందికి తెలిసిన ఇబ్బందే. దీనికి ఇంటర్నెట్‌ను తప్పుపట్టడం పరిపాటి అయినా, ఒకే గదిలో రెండు ల్యాప్‌టాప్‌లు సమావేశంలో ఉండటమే చాలాసార్లు అసలు కారణం.

ఉదాహరణకు, హాల్లో కూర్చున్న తల్లి తన ల్యాప్‌టాప్‌ నుండి గణితం మార్కుల గురించి అడుగుతున్నారనీ, పక్కనే తండ్రి మరో ల్యాప్‌టాప్‌లో అదే సమావేశంలో ఉన్నారనీ అనుకుందాం. ఆమె మాట సర్వరు దాకా వెళ్లి, క్షణకాలం ఆలస్యంగా తండ్రి స్పీకరులో వినిపిస్తుంది. దానిని ఆమె మైకు మళ్లీ అందుకొని పంపుతుంది. ప్రతి చుట్టులోనూ శబ్దం తగ్గితే ప్రతిధ్వనిగా సద్దుమణుగుతుంది, పెరిగితే కూతగా మారుతుంది. ప్రతిధ్వనిని తొలగించే ఏర్పాటు ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ ఉన్నా, అది తన స్పీకరులోంచి వచ్చే శబ్దాన్ని మాత్రమే గుర్తుపట్టగలదు; పక్క ల్యాప్‌టాప్ వినిపించేది దాని లెక్కలోకి రాదు.

ఇటువంటప్పుడు తండ్రి తన మైకు ఆపేసి, తన వంతు పని అయిపోయిందనుకోవడం సహజం. కానీ ఆయన స్పీకరు మోగుతున్నంతసేపు ఆమె మాట తిరిగి ఆమె మైకులోకి చేరుతూనే ఉంటుంది. శబ్దం తగ్గిస్తే కూత ఆగవచ్చు గానీ, ప్రతిధ్వని మిగిలిపోవచ్చు. కాబట్టి గదిలో ఒకే ల్యాప్‌టాప్‌కు మైకు, స్పీకరు రెండూ ఉంచి, రెండో దానికి రెండూ లేకుండా చేయవలసిందిగా కోరుతున్నాను.

జూమ్‌లో చేరేటప్పుడు రెండో ల్యాప్‌టాప్‌లో "Join with Computer Audio" నొక్కకుండా ఆ చిన్న కిటికీని మూసివేయండి. ముందే నొక్కి ఉంటే, మైకు బొమ్మ పక్కనున్న బాణం గుర్తును నొక్కి "Leave Computer Audio" ఎంచుకోండి. మైకు బొమ్మ ఉన్న చోట "Join Audio" అని కనిపిస్తే పని జరిగినట్లే. వీడియో యథాప్రకారం కొనసాగుతుంది; ఇద్దరూ మాకు కనిపిస్తూనే ఉంటారు.

ఇద్దరికీ విడివిడిగా వినాలని ఉంటే ఇయర్‌ఫోన్లు వాడవచ్చు. అయితే ఒకరి మాటను రెండు మైకులూ అందుకుంటే మాకు అది జంటగా వినిపిస్తుంది కనుక, మాట్లాడని వారు మైకు ఆపి ఉంచాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో ఛార్జింగ్ అయిపోతే శబ్దం ల్యాప్‌టాప్ స్పీకరుకు మారిపోవచ్చు. అప్పటిదాకా సవ్యంగా సాగిన సమావేశంలో హఠాత్తుగా కూత వస్తే ముందుగా చూడవలసినది అదే. వేరే గదిలోకి వెళ్లినవారు తలుపు కూడా వేసుకోవాలి, తెరిచి ఉన్న తలుపు గుండా వచ్చే శబ్దం కూడా మైకుకు చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు